ముగ్గురితో వాట్సాప్, ఫోన్ ఫిర్యాదులు: ఎంతలోగా జవాబివ్వాలి, టెంప్లేట్‌లో ఏముండాలి

ప్రశ్న: మాది గుంటూరు. పచ్చళ్ళు, కారప్పొడులు ఇంట్లోనే చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతాం. నేను, మా ఆవిడ, ఒక అమ్మాయి, ముగ్గురమే. రోజుకు అరవై మంది దాకా వాట్సాప్‌లో, ముప్పై ఐదు మంది దాకా ఫోన్‌లో వస్తారు. జవాబు లేటైతే తిడుతున్నారు, టెంప్లేట్ పెడితే మిషన్‌తో మాట్లాడినట్టుందని అంటున్నారు. ఎంతలోగా జవాబివ్వాలని టార్గెట్ పెట్టుకోవాలి? టెంప్లేట్లు అసలు వాడాలా వద్దా?

టెంప్లేట్లు వాడండి, కాకపోతే వివరాలకు మాత్రమే, క్షమాపణకు వద్దు. టార్గెట్ల సంగతికొస్తే, మీరు పనిచేసే వేళల్లో చాట్‌కి మనిషి ఇచ్చే మొదటి జవాబు 15 నిమిషాల్లో, ఫోన్ మిస్ అయితే తిరిగి కాల్ అరగంటలో, ఫిర్యాదు మీద మీ నిర్ణయం 24 గంటల్లో. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: ప్రతి ఫిర్యాదులో "మళ్ళీ ఎన్ని గంటలకు చెబుతాను" అన్న మాట ఇవ్వాలి, ఆ టైముకి కొత్త కబురు లేకపోయినా మెసేజ్ పెట్టాలి. మొదటి మూడూ అప్పుడప్పుడు తప్పినా జనం సర్దుకుంటారు, ఇది తప్పితే సర్దుకోరు.

రాజమండ్రి నుంచి పూతరేకులు, పచ్చళ్ళు పంపే ఒక చిన్న వ్యాపారంలో ఎనిమిదేళ్ళుగా కస్టమర్ల పని నేనే చూస్తున్నాను. మొదట ఇద్దరం, ఇప్పుడు నలుగురం. అక్కడ నేర్చుకున్నదే చెబుతున్నాను.

ముందు మీ లెక్క వేద్దాం, ఎందుకంటే చేతిలో ఉన్న మనుషుల్ని చూసుకోకుండా టార్గెట్ పెడితే అది కాగితం మీదే ఉండిపోతుంది. ఒక చాట్ మొదలై ముగిసేదాకా, మధ్యలో కస్టమర్ ఫోటో వెతుక్కునే టైము తీసేసి, మీ చేతి పని సుమారు ఐదు నిమిషాలు అనుకోండి. అరవై చాట్లకి 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు. కాల్ నాలుగు నిమిషాలు, తర్వాత రాసుకోవడానికి ఒక నిమిషం, ముప్పై ఐదు కాల్స్‌కి దగ్గర దగ్గర మూడు గంటలు. మొత్తం ఎనిమిది గంటలు, ఒక మనిషి రోజు పని. అయినా ఒక్క మనిషితో కాదు! ఎందుకంటే అవి రోజంతా సమానంగా రావు. మా దగ్గరైతే ఉదయం పది నుంచి పన్నెండు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది, ఈ రెండు వేళల్లోనే మీద పడతాయి. మీకు కూడా ఆ ఉదయం రెండు గంటల్లో ఇరవై చాట్లు, పన్నెండు కాల్స్ వచ్చాయనుకుంటే 160 నిమిషాల పని, ఉన్నది 120 నిమిషాలు. మిగిలిన నలభై నిమిషాల పని పన్నెండు తర్వాతకి జరుగుతుంది. మిమ్మల్ని తిట్టేవాళ్ళు ఎక్కువగా ఆ పదకొండున్నరకి మెసేజ్ పెట్టి ఒంటిగంట దాకా చూసినవాళ్ళే అయి ఉంటారు.

కాబట్టి ఆ రెండు వేళల్లో ఇద్దరు కూర్చోవాలి, ప్యాకింగ్ ఆ టైములో ఒక్కరే చేయాలి, లేదా మధ్యాహ్నానికి మార్చుకోవాలి. ఒకరు ఫోన్, ఒకరు చాట్, కలపొద్దు. ఫోన్ మనిషికి 120 నిమిషాల్లో అరవై నిమిషాలే పని ఉంటుంది, మిగతా టైము ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది, "మధ్యలో నాలుగు చాట్లు కూడా చూడమ్మా" అనాలనిపిస్తుంది. అనకండి. చాట్‌లో ఉన్నవాళ్ళు పది నిమిషాలు ఆగగలరు, మోగే ఫోన్ ఆగదు, ఆ ఖాళీ ఉంటేనే ఫోన్ నాలుగో రింగులో ఎత్తగలుగుతాం. పైగా టైప్ చేస్తూ మాట్లాడేవాళ్ళ గొంతు అవతలివాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ఆ ఖాళీలో లేబుళ్ళు అంటించడం లాంటి చేతి పని ఇవ్వండి, ఫోన్ మోగగానే వదిలేయగలిగేది.

మీకు అమెరికా ఆర్డర్లు ఉంటే ఇంకో చిన్న మార్పు చేయండి. అక్కడి మెసేజ్‌లు మనకి రాత్రి వస్తాయి. ఒకరు ఉదయం ఏడింటికి మొదలుపెట్టి ముందుగా అవి చూస్తే, న్యూయార్క్ వైపు అప్పటికి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య ఉంటుంది, వాళ్ళు ఇంకా మేలుకునే ఉంటారు, అక్కడికక్కడే మాట తేలిపోతుంది. తొమ్మిదింటికి మొదలుపెడితే చాలామంది పడుకునే వేళ దాటుతుంది, ఒక రోజు పోతుంది. రాత్రి వెళ్ళే ఆటోమేటిక్ మెసేజ్‌లో "త్వరలో స్పందిస్తాం" అని రాయకండి. "ఉదయం 7 నుంచి 9 మధ్య మనిషి జవాబు ఇస్తారు" అని గంటలు రాయండి.

ఇక టార్గెట్లతో నేను చేసిన తప్పు చెప్పాలి. మూడో ఏడాది మొదటి జవాబు ఐదు నిమిషాల్లో రావాలని పెట్టాను. నెలాఖరుకి చూస్తే అన్నీ ఐదు నిమిషాల్లోపే, చాలా సంతోషించాను, కానీ ఫిర్యాదులు తగ్గలేదు, పెరిగాయి. చాట్లు తెరిచి చదివితే అర్థమైంది. మా అమ్మాయిలు మెసేజ్ రాగానే "చూస్తున్నాం అండి" అని పెట్టి పక్కకి వెళ్ళిపోతున్నారు, అసలు జవాబు మూడు గంటల తర్వాత వస్తోంది. తప్పు వాళ్ళది కాదు, నేను కొలిచింది అదే కాబట్టి వాళ్ళు ఇచ్చిందీ అదే. అప్పటి నుంచి మొదటి జవాబు అంటే కస్టమర్ అడిగినదాని గురించి ఏదో ఒక విషయం ఉన్న మాట అని పెట్టుకున్నాం. "మీ పార్సెల్ నిన్న రాత్రి హైదరాబాద్ చేరింది, ఈరోజు డెలివరీకి బయలుదేరిందో లేదో కొరియర్‌ని అడిగి 12 గంటలకు చెబుతాను" అంటే మొదటి జవాబు. "చూస్తున్నాం అండి" అంటే కాదు. ఆటోమేటిక్ మెసేజ్ అసలే కాదు.

సగటు కూడా చూడకండి. పది మందిలో తొమ్మిది మందికి రెండు నిమిషాల్లో చెప్పి, ఒకరిని ఐదు గంటలు వదిలేస్తే సగటు అరగంట దాటుతుంది. నిజానికి అరగంట ఆగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకని "పది మందిలో తొమ్మిది మందికి 15 నిమిషాల్లోపు" అని పెట్టుకోండి, మిగిలిన ఒక్కరి చాట్ సాయంత్రం కూర్చుని చదవండి. రివ్యూ రాసేది సాధారణంగా ఆ ఒక్కరే. షీట్‌లో F కాలమ్‌లో నిమిషాలు రాసుకుంటే ఇది చాలు:

```
=COUNTIF(F2:F400,"<=15")/COUNT(F2:F400)
```

అన్ని చాట్లకీ రాయక్కర్లేదు, వారానికి రెండు రోజులు రాసినా పరిస్థితి తెలుస్తుంది.

ఇప్పుడు టెంప్లేట్లు. మిషన్‌లా ఉందని ఎందుకు అంటున్నారో నేను ఊహించగలను. మీ టెంప్లేట్ "ప్రియమైన కస్టమర్, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మొదలవుతూ ఉండి ఉంటుంది. పాకెట్ పగిలి నూనె అట్టపెట్టె అంతా అయి, కింద పెట్టిన చీరకి అంటిందని రాసిన ఆవిడకి ఆ వాక్యం వెళితే మనం ఆవిడ మెసేజ్ చదవలేదని అర్థం. మా నియమం: మొదటి వాక్యం ఎప్పుడూ చేత్తో రాయాలి, కస్టమర్ చెప్పిన ఒక వివరం అందులో ఉండాలి. దాని కింద టెంప్లేట్. "అయ్యో, చీరకి కూడా అంటిందా అండి, తప్పు మా సీలింగ్‌దే" అని ఒక్క ముక్క. దీనికి పది సెకన్లు పడుతుంది. తర్వాత `/leak` అని కొడితే కింది మెసేజ్ వస్తుంది:

> ఈ మూడు పంపండి: ఆర్డర్ నంబర్, పాకెట్ ఫోటో, పెట్టె మీద లేబుల్ ఫోటో. పచ్చడి వాడకండి, తిరిగి పంపక్కర్లేదు కూడా. ఫోటోలు చూసిన వెంటనే డబ్బు వెనక్కి కావాలా, కొత్త పాకెట్ కావాలా మీరే చెప్పవచ్చు. కొత్తది అయితే ___ నాడు పంపుతాం. నేను మళ్ళీ ___ గంటలకు మెసేజ్ పెడతాను. — ___ (పేరు)

ఇందులో మూడు సంగతులు గమనించండి. కావలసినవన్నీ ఒకేసారి అడిగాం. ఒక మెసేజ్‌లో ఆర్డర్ నంబర్, గంట తర్వాత ఫోటో, సాయంత్రం లేబుల్ అడిగితే అదే ఫిర్యాదు మూడు రోజులవుతుంది, టార్గెట్ మాత్రం ప్రతిసారీ అందుకున్నట్టే కనిపిస్తుంది. రెండోది, ఖాళీలు. ఖాళీ గీత నింపకుండా పంపితే కంటికి కనిపిస్తుంది కాబట్టి నింపి తీరాలి. మొదట్లో మేము ఖాళీకి బదులు "రెండు మూడు రోజుల్లో" అని రాసేవాళ్ళం, అది ఎవరికీ పనికిరాని మాట, ఎవరు ఎప్పుడు పంపినా నిజంలాగే ఉంటుంది. మూడోది, కింద మనిషి పేరు. పేరు పెట్టిన రోజు నుంచి తిట్లు తగ్గాయి, మళ్ళీ ఫోన్ చేసినప్పుడు "లక్ష్మిగారితో మాట్లాడాను" అని చెప్పగలుగుతున్నారు.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఇలాంటి క్విక్ రిప్లైలు 50 దాకా పెట్టుకోవచ్చు. అన్నీ నింపాలని చూడకండి, మాకు 22 ఉన్నాయి, రోజూ వాడేవి ఎనిమిది: ధరలు, డెలివరీ రోజులు, ట్రాకింగ్, లీకు, విరిగినవి, తప్పు ఐటమ్, అడ్రస్ మార్పు, డబ్బు కట్ అయింది కానీ ఆర్డర్ పడలేదు. ధరలు మారిన వారంలోనే టెంప్లేట్ మార్చడం మరిచిపోతాం, పాత ధర చెప్పాక పాత ధరకే ఇవ్వాల్సి వస్తుంది. కాబట్టి టెంప్లేట్లు మార్చే హక్కు ఒక్కరికే ఇవ్వండి, ప్రతి నెలా మొదటి సోమవారం అన్నీ చదివించండి.

ఆ చివరిది, డబ్బు కట్ అయిన కేసు, కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే గొంతు పెరిగేది ఎక్కువగా అక్కడే. UPIలో కట్టి ఖాతాలో డబ్బు తగ్గి మనకి రాకపోతే ముందు 12 అంకెల UTR నంబర్ అడగండి, దానితో మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వెతకండి. ఉంటే ఆర్డర్ వేసేయండి, స్క్రీన్‌షాట్ చూసి మాత్రం వేయకండి. లేకపోతే నిజం చెప్పండి: మాకు రాలేదు, షాపుకి కట్టినప్పుడు ఇలా ఆగితే లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి పడాలని రిజర్వ్ బ్యాంక్ 2019లో నియమం పెట్టింది, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి, కాబట్టి మీ బ్యాంకులో ఫిర్యాదు నమోదు చేయండి. ఈ టెంప్లేట్ చివర "OTP, పిన్ మేము ఎప్పుడూ అడగం" అని రాయండి, మన పేరు చెప్పి వేరేవాళ్ళు కాల్ చేసినప్పుడు అదే కాపాడుతుంది.

టెంప్లేట్ ససేమిరా వాడకూడని ఫిర్యాదు ఒకటుంది, తిన్నాక ఒంట్లో బాగాలేదని, లేదా బూజు వచ్చిందని చెప్పేది. అది ఏ వేళ వచ్చినా చూసిన వెంటనే ఫోన్ చేయాలి, మీరే చేయాలి. "తడి స్పూను పెట్టారా" అన్న ప్రశ్న మొదట అడగకండి. నిజంగా అదే కారణం అయి ఉండొచ్చు, అయినా మొదటి మాటగా అది వింటే తప్పు వాళ్ళ మీదకి తోస్తున్నారనుకుంటారు. ఎలా ఉన్నారు, డాక్టర్‌కి చూపించారా అని అడిగి, డబ్బా మీద బ్యాచ్ నంబర్, తయారీ తేదీ తీసుకుని, ఆ బ్యాచ్ పంపడం ఆపి, మీ దగ్గర మిగిలిన డబ్బాలు తెరిచి చూడండి. తర్వాతే మిగతా మాటలు.

ఫోన్ గురించి చెప్పేది తక్కువే. కోపంగా ఉన్నవాళ్ళని మధ్యలో ఆపకుండా వినండి, సాధారణంగా నిమిషంన్నర కన్నా మాట్లాడరు. తర్వాత వాళ్ళు చెప్పిందే ఆర్డర్ వివరంతో తిరిగి చెప్పండి: "బుధవారం రావాల్సింది, శనివారం అయినా రాలేదు, ఆదివారం మీ ఇంట్లో శ్రీమంతం, అంతేనా అమ్మా?" అవును అన్నాక ఏం చేస్తారో, ఎప్పుడు చెబుతారో చెప్పండి. పెట్టేశాక అదే మాట రెండు వాక్యాల్లో వాట్సాప్‌లో పంపండి. ఇది చేయకపోవడం వల్ల మాకు ఎన్నో గొడవలయ్యాయి, ఫోన్‌లో ఒకరు ఒకటి చెబితే చాట్‌లో ఇంకొకరు ఇంకొకటి చెప్పారు.

అందుకే ఫోన్‌కీ చాట్‌కీ ఒకే షీట్ ఉండాలి. ఫిర్యాదుకి ఒక వరుస: ఫోన్ నంబర్, ఆర్డర్, విషయం, ఎవరు చూస్తున్నారు, మళ్ళీ చెబుతానన్న టైము, ముగిసిందా. ఉదయం రాగానే, మధ్యాహ్నం భోజనానికి ముందు, సాయంత్రం ఐదింటికి ఆ టైము కాలమ్ ప్రకారం సర్ది, దాటిపోయినవి ముందు చేయాలి.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక సంక్రాంతికి చూశాం. పండగకి నాలుగు రోజుల ముందు ఒక కొరియర్ వాళ్ళ గోడౌన్‌లో మా పార్సెళ్ళు 41 ఆగిపోయాయి, అన్నీ పూతరేకులే. అంతకు ముందు ఏడాది ఇలాగే జరిగితే వాళ్ళు అడిగేదాకా ఊరుకున్నాం, రెండు రోజులు ఫోన్ కింద పెట్టలేదు. ఈసారి ఉదయం పదింటికి ట్రాకింగ్ కదలట్లేదని తెలియగానే 41 వరుసలు షీట్‌లో వేశాం. ఆర్డర్ నోట్‌లో ఫలానా రోజు ఫంక్షన్ అని రాసినవాళ్ళు తొమ్మిది మంది, వాళ్ళకి ఫోన్, మిగతా 32 మందికి మెసేజ్. మెసేజ్‌లో ఉన్నది ఇంతే: పార్సెల్ ఎక్కడ ఆగింది, మేము ఎవరిని అడిగాం, సాయంత్రం 6కి మళ్ళీ చెబుతాం, ఆగడం ఇష్టం లేకపోతే ఇప్పుడే డబ్బు వెనక్కి ఇస్తాం.

ఆరింటికి కొరియర్ నుంచి ఏ కబురూ లేదు. మా అమ్మాయి "ఏమీ తెలియకుండా ఏం పెడతాం మేడం" అంది. అయినా పెట్టించాను: "ఇప్పటికీ వాళ్ళ దగ్గర నుంచి జవాబు లేదు, రేపు 11కి చెబుతాం, ఆ లోపు కదలకపోతే కొత్త పెట్టె బస్సు పార్సెల్‌లో పంపుతాం." మర్నాడు 11కి 27 కదిలాయి, మిగతా 14లో ఆరుగురు డబ్బు వెనక్కి అడిగారు, ఎనిమిది బస్సులో వెళ్ళాయి. ఆ రెండు రోజుల్లో ఆ పార్సెళ్ళ గురించి మాకు వచ్చిన కాల్స్ పదిహేను లోపే. ఖర్చయింది నిజమే, ఎనిమిది పెట్టెల సరుకు, బస్సు చార్జీలు, ఆ కొరియర్ నుంచి రాబట్టడానికి రెండు నెలలు పట్టింది.

అలా అక్కడికక్కడే డబ్బు ఇస్తామని చెప్పగలగడానికి కారణం మా ఇంకో నియమం. 500 రూపాయల లోపు ఏ నిర్ణయమైనా ఫోన్ ఎత్తినవాళ్ళదే, నన్ను అడగక్కర్లేదు. ఫోటో ఉంటే చాలు. దీనికి ముందు ప్రతి లీకు పాకెట్ నా దగ్గరికి వచ్చేది, నేను ఊరెళితే ఆగిపోయేది, 24 గంటల టార్గెట్ తప్పింది ఎక్కువగా నా వల్లే. మీ ఇంట్లో కూడా ఆ అమ్మాయికి ఈ హక్కు ఇవ్వండి, మీ పాకెట్ ధరని బట్టి అంకె మార్చుకోండి. దుర్వినియోగం అవుతుందన్న భయం ఉంటే నెలకొకసారి ఫోన్ నంబర్ల వారీగా చూడండి, ఒకే నంబర్‌కి మూడోసారి డబ్బు వెళితే అప్పుడు మీరు చూసుకోవచ్చు.

ఇంకొకటి, సొంత వెబ్‌సైట్ పెట్టి అమ్ముతుంటే 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి ఒకరి పేరు, నంబర్ సైట్‌లో పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. మీ సొంత టార్గెట్లు దీనికన్నా చాలా ముందే ఉంటాయి, కానీ షీట్‌లో తేదీలు ఉంటే, ఎవరైనా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి వెళ్ళినా మీ వైపు చూపించడానికి కాగితం ఉంటుంది.

మొదటి వారం అన్నీ పెట్టకండి. షీట్, 10 నుంచి 12, 6 నుంచి 8 ఇద్దరు కూర్చోవడం, లీకు టెంప్లేట్ ఒక్కటి, ఈ మూడే చేయండి. రెండు వారాల తర్వాత ఆ టైము కాలమ్‌లో ఎన్ని దాటిపోయాయో, ఏ వేళలో దాటాయో ఇక్కడ రాయండి, 15 నిమిషాలు మీకు సరైన అంకె అవునో కాదో అప్పుడు చెబుతాను.